నోట్ ఫైల్ సారాంశం: సర్వే నం. 214/2, నిషేధిత జాబితా నుంచి తొలగింపు అర్జీ

జాయింట్ కలెక్టర్ గారికి సమర్పణ
భూ విభాగం, కలెక్టరేట్, గుంటూరు

ఈ ఫైలులో నోట్ ఫైల్ 23 పేజీలు, 58 పేరాలు. కరెంట్ ఫైల్ 66 పేజీలు. 31వ పేరా వరకు కాగితం మీద రాసినవి, స్కాన్ చేసి ఎక్కించారు. 32 నుంచి ఈ-ఆఫీస్ గ్రీన్ నోట్‌లు. ప్రస్తుతం తమ సంతకానికి వచ్చింది ఉత్తర్వు చిత్తుప్రతి (కరెంట్ ఫైల్ పేజీ 63). దానిలో ఒక తేడా ఉంది, అందుకే ముందుగా చెప్పడం: ఆమోదం పొందిన విస్తీర్ణం ఎ.1-20 సెంట్లు, చిత్తులో ఉన్నది ఎ.1-42 సెంట్లు. తేడా ఎలా వచ్చిందో పేరాల వరుసలో కనబడుతుంది.

అర్జీ (08-07-2024, కరెంట్ ఫైల్ పేజీ 1-9): గుంటూరు డివిజన్‌లో వాగు ఒడ్డున ఉన్న ఎ.1-42 సెంట్లు రిజిస్ట్రేషన్ చట్టం, 1908 సెక్షన్ 22-ఎ(1)(ఎ) కింద అసైన్డ్ భూమిగా నిషేధిత జాబితాలో ఉంది. తమ తాతకు 18-06-1954కు ముందే డి.కె.టి. పట్టా ఇచ్చారని, కాబట్టి అమ్మకానికి అడ్డు లేదని అర్జీదారు వాదన. ఆంధ్ర ప్రాంతంలో అమ్మరాదనే షరతు ఆ తేదీ నుంచే వచ్చింది. అంచేత ఫైలు మొత్తం పట్టా ఎప్పటిదన్న ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

పేరా 1-6, 22-07-2024: విభాగం తహసీల్దారు నుంచి నివేదిక కోరింది. చర్చించేది ఏమీ లేదు.

పేరా 7-13, 21-10-2024, మొదటి తిరస్కరణ ప్రతిపాదన: 10(1) అకౌంట్‌లో "డి.కె.టి. 87/62" అని ఉంది. తహసీల్దారు దీన్ని 1962 సంవత్సరంగా చదివి, పట్టా 1954 తర్వాతదని, తొలగింపు వీలుకాదని రాశారు. విభాగ గుమాస్తా అదే ఎత్తి రాశారు, సూపరింటెండెంట్ సంతకం పెట్టారు. పేరా 13లో పరిపాలనాధికారి "చర్చించాలి" అని మాత్రమే రాశారు. దీన్ని అంగీకారంగానో తిరస్కారంగానో లెక్కించకూడదు. తర్వాతి నోట్‌లలో రెండు చోట్ల (పేరా 19, 24) "పరిపాలనాధికారి గారు తిరస్కరణకు అంగీకరించినందున" అని వచ్చింది, అది పేరా 13కు సరిపోదు. చర్చ జరిగిందా, ఏం తేలింది అన్నది ఫైలులో లేదు.

పేరా 14-22, 18-12-2024, ఆర్.డి.ఓ. అభ్యంతరం: ఫైలు మలుపు ఇక్కడే. పాత డి.కె.టి. నంబర్లు ఫసలీ ప్రకారం వేసేవారు. "62" అంటే ఫసలీ 1362, అంటే 01-07-1952 నుంచి 30-06-1953 వరకు. ఆర్.డి.ఓ. దీన్ని ఊహగా వదిలేయలేదు. డివిజన్ రికార్డు గదిలో డి.కె.టి. రిజిస్టర్ వెతికించి 87వ నంబరు ఎంట్రీ నకలు జతపరిచారు (పేజీ 31): మంజూరు తేదీ 11-03-1953, విస్తీర్ణం ఎ.1-20. పట్టా అసలు ఫైలు మాత్రం దొరకలేదని కూడా రాశారు. తొలగింపుకు సిఫారసు.

పేరా 23-31, 23-01-2025, విభాగం రెండు కొత్త అభ్యంతరాలు లేవనెత్తింది. ఒకటి నిలవలేదు, రెండోది నిలిచింది. మొదటిది: అర్జీదారు దాఖలు చేసిన అడంగల్ ఫసలీ 1363ది. ఆ ఫసలీ 30-06-1954న ముగుస్తుంది, నిర్ణాయక తేదీ 18-06-1954. కాబట్టి ఆ అడంగల్ ఒక్కటే 18కి ముందని రుజువు చేయదు. అభ్యంతరం సహేతుకమే, కానీ అడంగల్ వరకే. డి.కె.టి. రిజిస్టర్‌లో తేదీ ఉంది కనుక అవసరం తీరిపోయింది. రెండోది విస్తీర్ణం: వెబ్‌ల్యాండ్‌లో ఎ.1-42, రిజిస్టర్‌లో ఎ.1-20. మిగిలిన 22 సెంట్లు ఎక్కడివో చెప్పమని సర్వేకు పంపారు.

పేరా 32-41, 09-04-2025: మండల సర్వేయర్ ఎఫ్.ఎం.బి. చూసి, క్షేత్రం కొలిచి నివేదిక ఇచ్చారు (పేజీ 48-52). 22 సెంట్లు వాగు పోరంబోకు. కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు 214/2 కింద కలిసిపోయింది. బోర్డు స్టాండింగ్ ఆర్డర్ 15 ప్రకారం వాగు పోరంబోకు పట్టాకు ఇవ్వదగ్గది కాదు, 1953లో ఇవ్వలేదు కూడా. రెండు రికార్డులు ఒకే మాట చెబుతున్నాయి. ఈ అంశంలో సందేహానికి తావు లేదు.

వారసుల మధ్య హక్కు వివాదం గురించి పేరా 39లో ఒక ప్రస్తావన ఉంది. తొలగింపు భూమి స్వభావం గురించే గానీ ఎవరి వాటా ఎంత అన్నది తేల్చదని పేరా 41లో సరిగానే సమాధానం ఇచ్చారు.

పేరా 42-46, 06-05-2025: ఇంత తేలిన తర్వాత కూడా విభాగం పేరా 46లో "ప్రతిపాదిత ఎ.1-42 తొలగించవచ్చు" అని పెట్టింది. అర్జీలోని అంకెను మార్చకుండా దించడమే కారణంగా కనిపిస్తోంది.

పేరా 47, 14-05-2025, అప్పటి జాయింట్ కలెక్టర్ గారు: "డి.కె.టి. 87/1362 మేరకు ఎ.1-20కే పరిమితం. ఎ.0-22 వాగు పోరంబోకుగా 22-ఎ(1)(బి) కింద కొనసాగాలి. ముందు సబ్‌డివిజన్ చేయించండి."

పేరా 48, 19-05-2025, కలెక్టర్ గారు: "జె.సి. గారి సవరణ మేరకు ఆమోదం."

తుది నిర్ణయం పేరా 48. దాని అర్థం పేరా 47లో ఉంది, పేరా 46లో లేదు. కానీ చిత్తు తయారీదారు "ఆమోదం" అన్న మాట చూసి వెనక్కి, 46కు వెళ్లారు.

పేరా 49-58: సబ్‌డివిజన్ పూర్తయింది. 214/2ఎ ఎ.1-20, 214/2బి ఎ.0-22 (పేజీ 60). చిత్తు 27-05-2025న సమర్పించారు, సంతకం కాకముందే అధికారి బదిలీ అయ్యారు. ఈ-ఆఫీస్‌లో ఒక యెల్లో నోట్ కూడా ఉంది. అది ఇంకా ముసాయిదా మాత్రమే, దిద్దవచ్చు, తీసేయవచ్చు. దాన్ని ఆధారంగా తీసుకోనవసరం లేదు.

చిత్తు ఇలాగే వెళితే వాగు భూమి కూడా అమ్మకానికి తెరుచుకుంటుంది. ఒకసారి రిజిస్ట్రేషన్ జరిగితే వెనక్కి తేవడం చాలా కష్టం. సబ్‌డివిజన్ నంబర్లు రాయకుండా సబ్ రిజిస్ట్రారుకు పంపినా చిక్కే: 214/2 మొత్తం ఆగిపోతుంది, లేదా మొత్తం వదులవుతుంది.

నిర్ణయాన్ని తిరగదోడాల్సిన అవసరం లేదు, కొత్తగా కలెక్టర్ గారికి పంపాల్సిన పనీ లేదు. చిత్తును ఆమోదిత నోట్‌కు సరిచేస్తే చాలు. పేజీ 63లోని 5వ పేరాకు బదులుగా:

"5. సర్వే నం. 214/2ఎ, ఎ.1-20 సెంట్ల భూమిని, 11-03-1953 నాటి డి.కె.టి. 87/1362 ఆధారంగా, సెక్షన్ 22-ఎ(1)(ఎ) జాబితా నుంచి తొలగించడమైనది. సర్వే నం. 214/2బి, ఎ.0-22 సెంట్ల వాగు పోరంబోకు సెక్షన్ 22-ఎ(1)(బి) కింద నిషేధిత జాబితాలో కొనసాగుతుంది. ఈ ఉత్తర్వు వారసుల మధ్య హక్కులను నిర్ణయించదు. తహసీల్దారు వెబ్‌ల్యాండ్‌లో రెండు సబ్‌డివిజన్లనూ నమోదు చేసి, నకలును సబ్ రిజిస్ట్రారుకు పంపవలెను."

పై సవరణతో చిత్తు ఆమోదం కోరుతూ సమర్పించడమైనది.

సూపరింటెండెంట్, భూ విభాగం