మాగ్డెబర్గ్‌లో మాస్టర్స్ సీటు, ముందుగా థాంక్స్

అందరికీ నమస్కారం. జర్మనీలోని మాగ్డెబర్గ్, ఓటో ఫాన్ గెరికె యూనివర్సిటీ నుంచి కెమికల్ అండ్ ఎనర్జీ ఇంజనీరింగ్ మాస్టర్స్‌కి అడ్మిషన్ లెటర్ వచ్చింది. క్లాసులు అక్టోబరులో. వీసా ఇంకా చేతికి రాలేదు కాబట్టి అభినందనలు సగమే తీసుకుంటాను.

నా సీజీపీఏ 7.6. నాకన్నా బాగా చదివినవాళ్లు క్లాసులో చాలామందే ఉన్నారు. తాకట్టుకు కాగితం లేక అసలు అప్లై చేయలేకపోయినవాళ్లూ అందులో ఉన్నారు. అందుకే సీటు సంగతి కన్నా, ఎవరివల్ల వచ్చిందో చెప్పడం ముఖ్యం.

ఎగ్జామ్ సెక్షన్ గుమాస్తా గారు అడక్కుండానే ట్రాన్స్‌క్రిప్టుకు గ్రేడింగ్ పేజీ జతచేసి, దానిమీదా ముద్ర వేశారు. చిన్న పనిలా కనిపిస్తుంది. జర్మన్ గ్రేడు లెక్కకు గరిష్ఠ మార్కుతో పాటు కనీస పాస్ గ్రేడూ కావాలి. పాస్ 4 అయితే 7.6 అక్కడ 2.2 అవుతుంది, 5 అయితే 2.44. అక్కడ తక్కువ అంకే మంచిది. ఆ పేజీ లేకపోతే ఏ లెక్క వేస్తారో మన చేతిలో ఉండదు.

సీనియర్ అక్క, ఈ కోర్సు ఎందుకో చెబుతూ నేను రాసిన ఎస్‌ఓపీలో 'చిన్నప్పటి నుంచీ కెమిస్ట్రీ అంటే ప్రాణం' అన్న పేరా మొత్తం కొట్టేసింది. దాని బదులు, ప్రాజెక్టులో డిస్టిలేషన్ కాలమ్ రిఫ్లక్స్ నిష్పత్తి పెంచితే ఆవిరి ఖర్చు ఎందుకు పెరిగిందో రాయమంది. ఆ పేరాలో పనికొచ్చే మాట ఏదైనా ఉంటే అది అక్కదే. హెచ్‌ఓడీ సార్ సిఫారసు లేఖను లెటర్‌హెడ్ మీద, కాలేజీ మెయిల్ ఐడీతో ఇచ్చారు.

గాజువాక మావయ్య ఇంటి దస్తావేజులు ఇచ్చాడు. లోను 7.5 లక్షలు దాటితే బ్యాంకు ఆస్తి హామీ అడుగుతుంది. అక్కడి ఖర్చులకు డబ్బుందని వీసాకు చూపాల్సిన బ్లాక్డ్ అకౌంటే 11,904 యూరోలు, అంటే నెలకు 992. ఈసీ, లింకు డాక్యుమెంట్లు, లీగల్ ఒపీనియన్ అంటూ మావయ్య సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరిగాడు. సీటు నాది, అప్పు ఇద్దరిదీ. అమ్మానాన్నలకు ఇక్కడ థాంక్స్ చెబితే తిడతారు, అందుకే ఊరుకుంటున్నా.

జూనియర్లకు: ముందు మన చదువు పత్రాలు సరైనవని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్‌కి అప్లై చేయండి, ఫీజు 18,000 రూపాయలు. అది లేకుండా వీసా ఫైలు ముందుకు కదలదు. జర్మన్ యూనివర్సిటీల తరఫున దరఖాస్తులు పరిశీలించే యూనీ-అసిస్ట్‌లో మొదటి కోర్సుకు 75 యూరోలు, అదే సెమిస్టర్‌లో తర్వాత ఒక్కోదానికి 30, కాబట్టి పది కోర్సులు గుడ్డిగా పెట్టొద్దు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే ఇప్పుడే చూసుకోండి. ఎస్‌ఓపీ చదివి పెట్టమంటే చదువుతాను, కానీ నేనూ కొట్టేస్తాను.