మహారాష్ట్రలోని సిరొంచ తాలూకాలో ఒక సర్పంచ్ పంద్రాగస్టు ప్రసంగం

పెద్దలకు దండాలు. అక్కలకు, అన్నలకు, గ్రామసేవక్ గారికి, టీచర్లకు, అంగన్‌వాడీ, ఆశా అక్కలకు, వానలో తడిసి కూడా వరుస తప్పకుండా నిలబడ్డ పిల్లలకు 79వ స్వాతంత్ర్య దినోత్సవ శుభాకాంక్షలు.

ప్రాణహిత అవతలి ఒడ్డు చూడండి. 1947లో ఇదే రోజున మన ఒడ్డుకు స్వతంత్రం వచ్చింది. ఆ ఒడ్డు ఇంకా నిజాం రాజ్యమే. 1948 సెప్టెంబర్ దాకా అక్కడి మన చుట్టాలు ఎదురుచూశారు. మాట ఒక్కటే, నది ఒక్కటే, నడుమ పదమూడు నెలలు. అందుకే ఈ తాడు పట్టుకున్నప్పుడు ఆ ఒడ్డువాళ్లను కూడా తలుచుకోవాలి.

ఇక ఊరి సంగతి. బడి దారి సిమెంటు రోడ్డయింది, అంగన్‌వాడీ కప్పు కారడం ఆగింది. ఆ రెండింటి గురించి ఎక్కువ చెప్పను, మీరు రోజూ చూస్తున్నవే.

నీళ్ల గురించి మాత్రం చెప్పాలి. మనం 900 మందిమి. జల్ జీవన్ లెక్కన మనిషికి రోజుకు 55 లీటర్లు, అంటే 49,500. మన ట్యాంకు 50,000 పడుతుంది. మోటారు అయిదు గంటలు నడిస్తే నిండుతుంది. లెక్క సరిపోయింది కదా, మరి ఏటిగడ్డ వాడలో 27 ఇళ్లకు బిందె కూడా ఎందుకు నిండడం లేదు? ముందు వీధుల్లో కొందరు నల్లాకు చిన్న మోటారు బిగించి గుంజుతున్నారు. పైపులో ఒత్తిడి అక్కడే చచ్చిపోతుంది, చివరికి గాలే మిగులుతుంది. పేర్లు చెప్పను, వాళ్లకే తెలుసు. సోమవారం నుంచి వాల్వు తిప్పి రెండు వంతులు చేస్తాం: ఆరు నుంచి ఏడు దాకా ఏటిగడ్డ, ఏడు నుంచి ఎనిమిది దాకా పైవాడ. నల్లా మోటార్లు ఆదివారం లోపు తీసేయండి.

ఇంకో మాట. నిరుడు బోరు మోటారు రెండుసార్లు కాలింది. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా ఆపకుండా నడిపించాం, వైండింగు మాడింది. ఇప్పుడు ఫేజు పోతే తనంతట తానే ఆగే స్టార్టరు పెట్టాం. కరెంటు రాలేదని ఎవరూ దాని డబ్బా తెరిచి వైరు కలపొద్దు.

వానాకాలం. మోరీలో మిరప సంచులు, కవర్లు వేస్తే నీళ్లు నిలుస్తాయి. నిలిచిన నీళ్లలో దోమ గుడ్డు వారం పది రోజుల్లో దోమ అవుతుంది. కుండలు, పాత టైర్లు వారానికోసారి బోర్లించండి. జ్వరమొస్తే ముందు ఆశా అక్క దగ్గర రక్తం చూపించుకోండి, గోలీ తర్వాత.

నా ఆశ ఒక్కటే చెప్తా. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో మరాఠీ అక్షరం దిద్దుతారు. రెండూ రావాలి. ఒకటి, రెండు తరగతులకు తెలుగు వచ్చిన టీచరు కావాలని ఈరోజు తీర్మానం పెడుతున్నాం.

గ్రామసభ పదకొండు గంటలకు, ఇక్కడే. పోయినసారి కోరం లేక పైపు తీర్మానం మూడు నెలలు ఆగింది. ఇంటికి ఒక్కరైనా రండి, ఆడవాళ్లు ముందు కూర్చోండి. పిల్లలూ, చేతిలోని కాగితపు జెండాలు బురదలో పడేయకండి, టీచర్‌కు ఇవ్వండి. జెండా పొద్దు గూకక ముందే దించుతాం, తాడు దగ్గర ఇద్దరు ఉండాలి.

జై హింద్!