పద్మకు, గానుగ తిరిగిన రోజున

ప్రియమైన పద్మా,

శుక్రవారం పొద్దున నువ్వు పంపిన వీడియో ఇప్పటికి పదిసార్లయినా చూసి ఉంటాను. గుమ్మానికి మామిడి తోరణం, పసుపు కుంకుమలు అద్దిన చెక్క గానుగ, రోటిలో నెమ్మదిగా తిరుగుతున్న రోకలి, ఉన్నట్టుండి అంచు నుంచి జారిన నూనె ధార. వెనక నుంచి నీ గొంతు: "వస్తోంది, వస్తోంది!" మన డిగ్రీ ఫలితాలు వచ్చిన రోజు కూడా ఆ గొంతులో అంత సంబరం వినలేదు. నీ గానుగ నూనె దుకాణం మొదలైనందుకు నా మనసు నిండా అభినందనలు. అమ్మకు కంటి ఆపరేషను జరిగి వారమైనా కాలేదు, అందుకే రాలేకపోయాను. ఆ లోటు నాకు చాలా రోజులు ఉంటుంది.

దుకాణం కళకళలాడుతోందని వచ్చినవాళ్లందరూ చెప్పే ఉంటారు. నాకు మాత్రం వీడియో చూస్తున్నంతసేపూ మార్చి నెలలో ఒక రాత్రి గుర్తుకు వచ్చింది. పదకొండు దాటాక ఫోను చేశావు. రాజీనామా ఉత్తరం రాసి నాలుగు రోజులుగా సంచిలో పెట్టుకుని తిరుగుతున్నానని, ఇవ్వడానికి చెయ్యి రావడం లేదని చెప్పావు. 14 ఏళ్లు లెక్కలు చెప్పిన బడి, నెల తిరిగేసరికి చేతికందే జీతం, పెద్దవాడి ఇంటర్ ఫీజు, మీ అత్తయ్యగారి మందులు... ఒక్కొక్కటే వరుసగా చెప్పి, "భయంగా ఉందే" అన్నావు. ఇన్నేళ్ల స్నేహంలో నీ నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. నీకేం చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటూ ఉండగానే, "సరే, రేపు ఇచ్చేస్తాను" అని ఫోను పెట్టేశావు. మర్నాడు ఇచ్చేశావు. ఆ భయం తగ్గేదాకా నువ్వు ఆగలేదు పద్మా. ఆ రాత్రి నుంచి నీ మీద నా గౌరవం ఎంత పెరిగిందో ఇన్నాళ్లూ నీకు చెప్పనే లేదు.

నువ్వు వేరుశనగనే ఎంచుకోవడం నన్ను మరింత కదిలించింది. అనంతపురంలో పుట్టినవాళ్లకు ఆ గింజ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. వాన మొహం చాటేసిన ఏడాది చేను ఎలా ఉంటుందో, అప్పు ఎలా పెరుగుతుందో మీ నాన్నగారి పక్కనే నిలబడి చూశావు. అలాంటి ఇంటి పిల్ల మళ్లీ ఆ గింజనే నమ్ముకుని, చుట్టుపక్కల రైతుల దగ్గరే కొంటానని వ్యాపారంలోకి దిగింది. ఆయన ఉండి ఉంటే మొదటి నూనె చుక్క అరచేతిలో వేసుకుని వాసన చూసేవారు.

మొదట వెళ్లిన బ్యాంకులో నీ కాగితాలు తెరిచి కూడా చూడలేదు. ఇంటికి వచ్చి ఏడ్చావు, నాకు తెలుసు. వారం తిరగకుండా మరో బ్యాంకుకు వెళ్లావు, ఈసారి లెక్కల పుస్తకంతో. లీటరు నూనెకు దాదాపు రెండున్నర కిలోల గింజలు, నూనె తీయగా మిగిలిన చెక్క పాడి రైతులకు ఎంతకు పోతుంది, కరెంటు బిల్లు ఎంత, సీసాలకు ఎంత, అన్నీ నీ గుండ్రటి అక్షరాలతో. ముద్రా పథకంలో కిశోర్ విభాగం కింద 4 లక్షల రుణం మంజూరైంది. అది జాలిపడి ఇచ్చింది కాదు, నీ లెక్క చూసి ఇచ్చింది.

ఇంకొకటి కూడా రాయాలి. ధర ఎక్కువైతే ఎవరూ కొనరు, కాస్త పామాయిల్ కలిపితే ఎవరికి తెలుస్తుంది అని దగ్గరి బంధువే సలహా ఇచ్చినప్పుడు, "నాకు తెలుస్తుంది కదా" అన్నావట. మీ ఆయన ఆ మాట నాతో ఎంత గర్వంగా చెప్పారో! అప్పటికి దుకాణానికి తలుపులైనా బిగించలేదు, అప్పు మాత్రం నెత్తి మీద ఉంది.

నీ నూనె వాసన వీధి మొదట్లోనే పట్టుకుని జనం వెతుక్కుంటూ రావాలి. ఒక్క లీటరు కొన్నవాళ్లు ఖాళీ డబ్బా పట్టుకుని మళ్లీ రావాలి. ఈ ఏడాది వానలు అదనులో పడి, నీకు గింజలమ్మే రైతుకూ నాలుగు రూపాయలు మిగలాలి. మొదటి నెలల్లో బేరం పలచగా ఉన్న రోజులు కొన్ని వస్తాయి. అలాంటి సాయంత్రం నాకు ఫోను చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

ఇప్పుడు నా ఆర్డరు రాసుకో: వేరుశనగ నూనె 5 లీటర్లు, అమ్మ దీపానికి నువ్వుల నూనె 1 లీటరు. నూనె బాగా తేరుకున్నాకే పంపు, తొందరేమీ లేదు. డబ్బు ఫోనులో వేశాను, బోర్డు మీద ఉన్న ధర ప్రకారమే. పైసా కూడా తిప్పి పంపవద్దు. రసీదు మాత్రం తప్పకుండా పెట్టు. 14 ఏళ్లు బడి హాజరు పట్టీలో పెట్టిన నీ సంతకం, యజమాని అన్న మాట కింద ఎలా ఉంటుందో చూడాలి.

నీ
సుజాత
హైదరాబాద్