బుడ్డు గుప్పిట

లైటు తీసేశాను. దుప్పటి కాళ్ల దాకా ఉందా? సరే, ఇటు తిరిగి పడుకో బిడ్డా. చెప్తున్నా.

మనం శ్రీశైలం పోయినప్పుడు, బస్సు మన్ననూరు దాటగానే రోడ్డుకు రెండు పక్కలా చెట్లే చెట్లు వచ్చాయి, గుర్తుందా? అదే నల్లమల అడవి. ఆ అడవిలో, రోడ్డుకు బాగా లోపల ఒక గుట్ట ఉంది. గుట్టలో ఒక గుహ. గుహలో ఒక అమ్మ ఎలుగు, ఒక పిల్ల ఎలుగు.

పిల్ల ఎలుగు పేరు బుడ్డు.

బుడ్డు నల్లగా ఉంటాడు. గొంగడి కప్పుకున్నట్టు ఒళ్లంతా వెంట్రుకలే. ఛాతీ మీద మాత్రం ఒక తెల్లటి గీత, ఎవరో సున్నంతో గీసినట్టు. ఎలుగమ్మ బిడ్డను ఎలా ఎత్తుకుంటుందో తెలుసా? చంకలో కాదు. వీపు మీద! అమ్మ వీపు మీద వెంట్రుకలు ఇంత పొడుగు. బుడ్డు ఎక్కి కూర్చుని, రెండు గుప్పిళ్లతో గట్టిగా పట్టుకుంటాడు. వాగు దాటినా అమ్మ వీపే. గుట్ట ఎక్కినా అమ్మ వీపే. నిద్ర వచ్చినా అక్కడే.

ఒక రాత్రి వాన పడింది. ఎండలు పోయి వచ్చిన మొదటి వాన. తెల్లారేసరికి అడవంతా మట్టి వాసన.

"బుడ్డూ, లే బిడ్డా. ఇయ్యాల బడికి పోదాం" అంది అమ్మ.

"బడంటే ఏందమ్మా?"

"పిల్లలంత ఆడుకునే జాగ."

"నువ్వు గూడ ఆడుకుంటవా?"

అమ్మ ఏమీ అనలేదు. బుడ్డు మొహం నాకింది. చెవులు నాకింది. చెవుల వెనక కూడా నాకింది. ఎలుగులకు స్నానం అంటే అదే మరి. నీళ్లు వేడిగా ఉన్నాయి, సబ్బు కళ్లల్లో పడింది, ఆ గొడవేమీ లేదు.

తర్వాత ఒక మోదుగాకులో ఎండిన ఇప్పపువ్వు పెట్టి, చిన్న తేనెపట్టు ముక్క పెట్టి, పొట్లం కట్టింది. అదీ బుడ్డు టిఫిన్ డబ్బా. బుడ్డు వీపెక్కాడు. ఇద్దరూ బయల్దేరారు.

దబ్... దబ్... దబ్... దబ్...

మర్రిచెట్టు వచ్చింది. మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి చూశావు కదా? ఇది అంత పెద్దది కాదు, దానికి చెల్లెలు అనుకో. కిందికి దిగిన ఊడలు, ఊడల మధ్య నీడ, నీడలో పిల్లలు. ఒక కుందేలు పిల్ల. ఒక చుక్కల దుప్పి పిల్ల. రెండు ఉడుతలు, ఒక్క చోట నిలబడవు. ఒక ముళ్లపంది పిల్ల. పులి పిల్లా? లేదు, లేదు. వాళ్ల బడి వేరే. అటు పక్క మనం పోవద్దు.

టీచరమ్మ ఎవరు? ముసలి కొండముచ్చు. నల్లటి మొహం, బూడిద రంగు ఒళ్లు, ఇంత పొడుగు తోక.

"వచ్చినవా బుడ్డూ? దా, దా" అంది టీచరమ్మ.

"దిగు బిడ్డా" అంది అమ్మ.

"నేను దిగ."

"జరసేపే."

"దిగ."

అమ్మ కూర్చుంది. బుడ్డు దిగలేదు. అమ్మ పక్కకు ఒరిగింది. బుడ్డు దిగలేదు. బల్లిలా అతుక్కుపోయాడు. అప్పుడు టీచరమ్మ వెనకనుంచి వచ్చి, మెల్లగా వేళ్లు విడదీసింది. లెక్కపెడదామా? ఒక వేలు. రెండు వేళ్లు. మూడు. నాలుగు. ఐదు. ఒక చెయ్యి వదిలింది. మళ్లీ ఒక వేలు. రెండు. మూడు. నాలుగు...

ఐదోది వదిలేలోపు బుడ్డు గుప్పిట గట్టిగా మూసేశాడు. అలాగే కిందికి జారాడు. గుప్పిట్లో ఏముంది?

అమ్మవి నాలుగు వెంట్రుకలు.

అమ్మ అక్కడున్న పెద్ద బండను చూపించింది. "చూడు బుడ్డూ. ఈ మర్రిచెట్టు నీడ ఇప్పుడు అటు దిక్కు ఉంది. పొద్దు తిరిగినంక నీడ గూడ ఇటు తిరుగుతది. అది ఆ బండను ముట్టంగనే నేనొస్త."

"ముట్టంగనేనా?"

"ముట్టంగనే."

దబ్... దబ్... దబ్... అమ్మ వెళ్లిపోయింది.

బుడ్డు కింది పెదవి వణికింది. ఎలుగులకు కింది పెదవి కొంచెం పెద్దది, అందుకని బాగా వణికింది. కానీ గుప్పిట మాత్రం తెరవలేదు.

"నీడ వచ్చిందా?" అని అడిగాడు.

"ఇంక రాలే" అంది టీచరమ్మ.

అందరూ వాగుకు నీళ్లు తాగడానికి బయల్దేరారు. టీచరమ్మ తోకను పిల్లలంతా వరసగా పట్టుకోవాలి. కుందేలు పట్టుకుంది. దుప్పి నోటితో పట్టుకుంది. ముళ్లపంది అందరికన్నా వెనక పట్టుకుంది, దాని వెనక నడిచేవాళ్లకు ఏమవుతుందో నీకు తెలుసు కదా! బుడ్డు ఒక్క చేత్తో పట్టుకున్నాడు. ఇంకో చెయ్యి గుప్పిట.

"నీడ వచ్చిందా?"

"ఇంక రాలే."

నేరేడు చెట్టు కిందికి పోయారు. రాత్రి వానకు పండ్లన్నీ రాలి ఉన్నాయి. నల్లటివి, మట్టి అంటినవి. అందరూ రెండు చేతులతో ఏరుకున్నారు. బుడ్డు ఒక్క చేత్తో ఏరితే, ఒకటి తీస్తే ఒకటి జారింది. ఇంకోటి తీస్తే ఇంకోటి జారింది.

"గా చెయ్యికేమైంది?" అంది కుందేలు పిల్ల.

"ఏం కాలే" అన్నాడు బుడ్డు. గుప్పిట వెనక్కి దాచుకున్నాడు.

చెయ్యితో పని కాకపోతే మూతి ఉంది కదా. బుడ్డు కిందికి వంగాడు. ముందు గాలి ఊదాడు. ఫూ...! మట్టంతా ఎగిరిపోయింది. తర్వాత పెదవులు గొట్టంలా చేసి పీల్చాడు. జుర్ర్ర్ర్!

పండు మాయం!

వాళ్లమ్మ చీమల పుట్ట దగ్గర అలాగే చేస్తుంది. ఫూ... జుర్ర్ర్ర్! ముందు దుమ్ము పోవాలి, తర్వాత చీమలు లోపలికి రావాలి. ఎలుగులందరికీ వచ్చిన విద్యే. కానీ కుందేలు పిల్ల ఎప్పుడూ చూడలేదు.

"మల్ల చెయ్యి! మల్ల చెయ్యి!"

ఫూ... జుర్ర్ర్ర్!

దుప్పి పిల్ల కూడా చేసింది. ఫూ... తుమ్ము వచ్చింది. ఉడుతలు కూడా చేశాయి, బుగ్గలు ఉబ్బాయి అంతే. ముళ్లపంది గట్టిగా నవ్వితే ముళ్లన్నీ గలగలా మోగాయి. నువ్వు కూడా చెయ్యి చూద్దాం. ఫూ... జుర్ర్ర్! చాలు, చాలు. పడుకునే ముందు అంత గట్టిగా వద్దు.

అందరి నాలుకలూ ఊదా రంగు. బుడ్డుది కూడా. తెచ్చుకున్న పొట్లం విప్పి ఇప్పపువ్వు తలా ఒకటి పెట్టాడు. తేనెపట్టు మాత్రం ఎవరికీ పెట్టలేదు. ఆ రోజుకు అది వాడిదే.

అప్పుడు మబ్బు వచ్చింది. ఎండ పోయింది. చెట్టు కింద చూస్తే, నీడే లేదు!

"నీడ పోయింది!" బుడ్డుకు ఏడుపొచ్చింది. "నీడ లేకుంటే అమ్మ ఎట్ల వస్తది?"

బొటబొటా కన్నీళ్లు. ముక్కు కూడా కారింది. టీచరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. తోక తెచ్చి బుడ్డు చుట్టూ చుట్టింది.

"నీడ యాడికి పోలే బిడ్డా. మబ్బు సాటుకు పోయింది. ఏడుపొస్తే ఏడువు. నేనీడనే ఉంట."

బుడ్డు కొంచెం ఏడ్చాడు. ఇంకొంచెం ఏడ్చాడు.

ఏడుస్తూ ఏడుస్తూ కిందికి చూశాడు. తడి మట్టిలో ఏదో కదిలింది. ఎర్రగా. చిన్నగా. గుండ్రంగా. బొట్టుబిళ్లకు కాళ్లొచ్చి నడుస్తున్నట్టు.

"ఆరుద్ర పురుగు!" అంది కుందేలు పిల్ల గుసగుసగా.

మొదటి వానలు పడగానే మట్టిలోంచి వస్తుంది కదా, మఖమల్ గుడ్డలా మెత్తగా ఉంటుంది, అదే. మన ఇంటి వెనక చూపిస్తానన్నాను, ఈసారి వాన పడ్డాక.

పురుగు నడిచింది, నడిచింది. బుడ్డు చెయ్యి దగ్గరికి వచ్చింది. గుప్పిట ఉన్న చెయ్యి. ఒక వేలు ఎక్కింది. గుప్పిట మీద చుట్టూ తిరిగింది. లోపలికి దారి లేదు. ఆగింది.

బుడ్డు చూశాడు. ఊపిరి కూడా పీల్చకుండా చూశాడు.

ఒక వేలు తెరిచాడు. రెండు వేళ్లు. మూడు. నాలుగు. ఐదు.

పురుగు అరచేతిలోకి దిగింది. చక్కిలిగింతలు!

"ఇగో! ఇగో! నా చేతిల ఉంది!" బుడ్డు నవ్వాడు. కుందేలు చెవులు వంచి చూసింది. దుప్పి మూతి పెట్టి చూసింది. ముళ్లపంది దూరంనుంచే చూసింది, పాపం. నాలుగు వెంట్రుకలు కింద పడ్డాయి. ఎవరూ చూడలేదు.

ఒక పిట్ట చూసింది. గూడు కట్టుకుంటున్న పిట్ట. వచ్చి, ముక్కుతో వెంట్రుకలు తీసుకుని, తుర్ర్‌మని పోయింది.

తర్వాత? తర్వాత ఇంకో పురుగు దొరికింది. ఇంకోటి దొరికింది. వాటికి ఇల్లు కట్టారు, ఆకుతో పైకప్పు వేశారు, రెండుసార్లు కూలింది. మబ్బు ఎప్పుడు పోయిందో, ఎండ ఎప్పుడు వచ్చిందో. నీడ మెల్లగా జరిగింది. గడ్డి మీదికి జరిగింది. ఊడలు దాటింది. బండను ముట్టింది.

బుడ్డు చూడలేదు.

బండ మీద ఎవరో కూర్చుని ఉన్నారు. పెద్దగా, నల్లగా. ఎంతసేపటినుంచో.

"బుడ్డూ..."

బుడ్డు తల ఎత్తాడు. "అమ్మా!"

ఒకటే ఉరుకు! అమ్మ పొట్టకు గుద్దుకున్నాడు. వీపెక్కాడు. "అమ్మా, చూడు, నా నాలిక చూడు. అమ్మా, టీచరమ్మకు తోక ఉంది. అమ్మా, పురుగు నా చేతిల..."

"ఔనా? ఇంకేమైంది?"

"అమ్మా, నీ ఎంటికెలు పోయినయ్."

"యాడికి పోయినయ్?"

బుడ్డు ఆలోచించాడు. వాడికి తెలియదు. మనకు తెలుసు.

దబ్... దబ్... దబ్... ఇద్దరూ గుహకు వచ్చారు. చీకటి పడింది. కీచురాళ్లు మొదలుపెట్టాయి. అమ్మ పడుకుంది. బుడ్డు అమ్మ పొట్ట దగ్గర ముడుచుకున్నాడు. రెండు గుప్పిళ్లతో అమ్మ వెంట్రుకలు పట్టుకున్నాడు.

"అమ్మా, రేపు గూడ నీడ వస్తదా?"

"వస్తది బిడ్డా."

"ఊఁ..."

చెట్టు మీద కొత్త గూట్లో పిట్ట పడుకుంది. వాగు దగ్గర దుప్పి పడుకుంది. కుందేలు పడుకుంది. ఉడుతలు కూడా పడుకున్నాయి.

బుడ్డు కళ్లు మూతపడ్డాయి. ఒక వేలు వదులైంది. రెండు వేళ్లు... మూడు... నాలుగు...

ఐదు.