వ్యాయామ క్రమం కోరిన రాజోలు మిత్రునికి జవాబు

నమస్కారమండి.

రోజూ చేసుకోవడానికి మంచి వ్యాయామ క్రమం ఒకటి రాసి పంపమన్న మీ చీటీ అందింది. మీ వయసెంతో, ఆయాసపడకుండా ఎంత దూరం నడవగలరో, ఇంట్లో ఏ సామాను ఉందో, రోజుకు ఎంతసేపు వీలవుతుందో, మోకాలికో నడుముకో పాత దెబ్బలున్నాయో అందులో లేదు. ఇరవై ఏళ్ల కుర్రవాడికి మేలు చేసే గుంజీలే మోకాళ్లు అరిగినవారికి చేటు చేయవచ్చు కనుక, రెండు వారాలపాటు చేయడానికి తేలికపాటి క్రమాన్ని మాత్రమే ఇప్పుడు రాస్తున్నాను. గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు, ఇన్సులిన్ వాడవలసిన షుగరు, ఇటీవలి ఆపరేషన్ వంటివి ఉంటే ముందు మీ డాక్టరుగారిని అడగండి.

వారానికి ఐదు రోజులు కాలువ గట్టు మీద పది నిమిషాలు నడవండి. ఒళ్లు సహకరిస్తే రెండో వారంలో పదిహేను చేయండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. వేగానికి అదే కొలత. మన కోనసీమ గాలిలో తేమ ఎక్కువై చెమట త్వరగా ఆరదు, అందువల్ల ఒంటి వేడి దిగదు. ఎండాకాలంలో నడక తెల్లవారుజామునే ముగించాలి. వానకు గట్టు జారుడుగా ఉన్న రోజున ఇంటి వాకిట్లోనే నడవండి.

సోమ, గురువారాల్లో కండరాలకు పని చెప్పాలి. కదలని కుర్చీని గోడకు ఆనించి, దాని అంచున కూర్చుని, పాదాలను కాస్త వెనక్కి లాగి, ఛాతీని ముందుకు వంచి లేవండి. దిగేటప్పుడు మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చోండి. ఎనిమిదిసార్లు చేసి, కాస్త ఆగి, మళ్లీ ఎనిమిది చేయాలి. అందరూ లేవడం మీదే దృష్టి పెడతారు గానీ, ఆ నెమ్మదిగా దిగడం కూడా తొడలకు బలమిస్తుంది. మోకాలు నొప్పెడితే సీటు మీద దిండు వేసి ఎత్తు పెంచండి. తరువాత గోడకు చేయి చాపినంత దూరంలో నిలబడి, నడుము జారనివ్వకుండా, మోచేతులు వంచి గోడవైపు వాలి తిరిగి నెట్టండి; ఇదీ అంతే లెక్క. చివరగా చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పిరుదులను పైకెత్తి దించండి. ఊపిరి మాత్రం బిగబట్టకండి.

తొడలు మంటెత్తడం, మరునాడు ఒళ్లు కాస్త పట్టేయడం మామూలే. కీలులో పోటు వస్తే ఆ కదలిక మానేయండి. ఛాతీ బిగిసినా, కళ్లు తిరిగినా అక్కడికక్కడే ఆపండి. ఛాతీ బిగువు తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది; అక్కడికి మెల్లగా చేరుదాం. పైన అడిగిన ఐదు సంగతులతోపాటు, రెండో వారం చివర ఆగకుండా ఎన్ని నిమిషాలు నడవగలిగారో కూడా రాయండి. అవి అందాక మీకోసం అసలైన క్రమం రాసి పంపుతాను.

ఇట్లు,
వ్యాయామ ఉపాధ్యాయుడు, అమలాపురం