అమీర్‌పేట ఆఫీసు అద్దె గురించి

నమస్కారం సార్. వచ్చే నెల నుంచి అద్దె 42,000 బదులు 52,000 ఇవ్వాలని మీరు పంపిన మెసేజ్ చూశాను. ఒక్కసారే 10,000 అంటే దాదాపు 24 శాతం. మన అగ్రిమెంట్‌లో ఏడాదికి 5 శాతం పెంపు అని రాసుకున్నాం, ఆ లెక్కన 44,100 అవుతుంది.

నాలుగేళ్లలో ఒక్క నెల కూడా అద్దె 5వ తారీఖు దాటలేదు. పార్టిషన్లు, వైరింగ్ మా ఖర్చుతోనే చేయించుకున్నాం. బాత్రూమ్ పైకప్పు లీకేజీ గురించి జూన్ నుంచి చెబుతున్నాను, వానొస్తే ఫైళ్లు అటకెక్కించాల్సి వస్తోంది. ముందు అది బాగు చేయించండి సార్.

మీ వైపు ఖర్చులూ పెరిగాయని నాకు తెలుసు. అందుకే అగ్రిమెంట్ కన్నా ఎక్కువగా 45,500 ఇస్తాను. మూడేళ్లకు రిజిస్టర్డ్ లీజు రాసుకుందాం, రిజిస్ట్రేషన్ ఖర్చు సగం నాది. అంతకు మించి నాకు కుదరదు. ఈ బిల్డింగ్‌లోనే ఉండాలని నా కోరిక, కానీ 52,000 అంటే వేరే చోటు చూసుకోక తప్పదు.

శనివారం సాయంత్రం మీకు వీలైతే ఇంటికొచ్చి మాట్లాడతాను. అప్పటిదాకా పాత అద్దె యథాప్రకారం 5వ తారీఖున వేస్తాను.

ఇట్లు,
మీ రెండో అంతస్తు ఆఫీసు నుంచి