స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోనందున ఎస్పీ గారికి అర్జీ

తేదీ: 16-05-2025

శ్రీకాకుళం జిల్లా ఎస్పీ గారికి,

అయ్యా,

మే 12 రాత్రి మా తోట పాకలోంచి ఆరు బస్తాల జీడిపిక్కలు ఎవరో ఎత్తుకుపోయారు. తాళం కప్ప కోసేసి ఉంది. గట్టు మీద ఆటో చక్రాల జాడ, దాని పొడవునా రాలిన పిక్కలు. ఫొటోలు జతపరిచాను.

మర్నాడు మా మండల స్టేషన్‌కు వెళ్తే తోట పక్క స్టేషన్ పరిధిలోకి వస్తుందన్నారు. అక్కడికెళ్తే మళ్లీ ఇక్కడికే పొమ్మన్నారు. మూడు రోజులు తిరిగినా రసీదైనా ఇవ్వలేదు. పరిధి ఏదైనా ముందు జీరో ఎఫ్ఐఆర్ కట్టాలి కదండీ!

అందుకే బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 173(4) కింద ఈ ఫిర్యాదును తమకు రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. కేసు నమోదు చేయించి, ఎఫ్ఐఆర్ నకలు ఇప్పించగలరు. పిక్కలు బట్టీకెక్కితే ఎవరివో పోల్చుకోలేం.

ఇట్లు,
తమ విధేయుడు,
సింహాచలం, జీడి రైతు